రూట్ 72 విప్పి చూస్తే

పొడవు 6 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు ఉన్న గదికి పునాది గీతలు గీశారు. నాలుగు వైపులూ సమానంగా ఉన్నంత మాత్రాన గది చతురస్రం అయినట్టు కాదు. మూలలు ఒక పక్కకి వాలిపోయి ఉండొచ్చు. అందుకే మేస్త్రీ ఒక మూల నుంచి ఎదురు మూలకి టేపు పట్టి కొలుస్తాడు. తర్వాత మిగిలిన రెండు మూలల మధ్య కొలుస్తాడు. రెండు కొలతలూ ఒకటే వస్తే మూలలు సరిగ్గా కుదిరినట్టు.

ఆ కొలత ఎంత రావాలో ముందే లెక్క కట్టొచ్చు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం మీది వర్గం 36 + 36, అంటే 72. కాబట్టి కర్ణం √72 మీటర్లు. టేపు మీద అలాంటి గీత ఉండదు. 8 మీటర్ల 48 సెంటీమీటర్ల గీత దాటి, 49వ గీతకి ఇంచుమించు సగం దూరంలో ఆ మూల తగులుతుంది.

తొమ్మిదో తరగతి గణితంలో వాస్తవ సంఖ్యల పాఠం చదివిన ప్రతివారికీ ఈ √72 ఎక్కడో ఒకచోట తారసపడే ఉంటుంది. దాన్ని 6√2గా రాయమంటారు. ఆ తర్వాత హారంలో కరణి ఉంటే దాన్ని తీసేయమంటారు. ఎందుకు తీసేయాలన్నది మాత్రం చాలామందికి తెలియకుండానే ఆ పాఠం ముగిసిపోతుంది. మార్కుల కోసం పాటించే ఆచారంగానే అది గుర్తుండిపోతుంది. నిజానికి ఆ రెండు పనుల వెనకా గట్టి కారణాలున్నాయి. √72నే పట్టుకుని వెళితే అవి ఒక్కొక్కటిగా బయటపడతాయి.

జతలు బయటికి, ఒంటరి లోపల

ముందుగా 72ని ప్రధాన కారణాంకాలుగా విడదీయాలి: 72 = 2 × 2 × 2 × 3 × 3. ఇందులో 2 మూడుసార్లు, 3 రెండుసార్లు ఉన్నాయి. రెండేసి చొప్పున జతకడితే ఒక 2ల జత, ఒక 3ల జత ఏర్పడి, ఒక 2 ఒంటరిగా మిగులుతుంది. ప్రతి జత నుంచీ ఒక అంకె వర్గమూలం గుర్తు దాటి బయటికొస్తుంది. బయటికొచ్చిన 2, 3 గుణించుకుని 6 అవుతాయి. జత దొరకని 2 లోపలే ఉండిపోతుంది. అలా √72 = 6√2.

ఇలా చేయడానికి ఆధారం ఒక్కటే. ధన సంఖ్యల విషయంలో రెండు సంఖ్యల లబ్ధానికి వర్గమూలం, వాటి వర్గమూలాల లబ్ధానికి సమానం. √72 అంటే √(36 × 2), అంటే √36 × √2. మొదటిది కచ్చితంగా 6. రెండోది ఏ భిన్నంగానూ రాయలేని సంఖ్య కాబట్టి గుర్తు కిందే ఉంటుంది.

పిల్లలు ఎక్కువగా చేసే తప్పులు రెండు. మొదటిది, సగంలో ఆగిపోవడం. 72ని 9 × 8గా చూసినవాళ్లు 3√8 రాసి ఊరుకుంటారు. అది అబద్ధం కాదు, పూర్తికాని పని. 8లో ఇంకా 4 దాగి ఉంది. దాన్ని కూడా బయటికి తెస్తే 3 × 2√2, మళ్లీ 6√2. గుర్తు కింద మిగిలిన సంఖ్యని 4, 9, 25 లాంటి వర్గ సంఖ్యలేవీ నిశ్శేషంగా భాగించకపోతేనే పని ముగిసినట్టు.

రెండో తప్పు ప్రమాదకరమైనది. లబ్ధానికి చెల్లిన నియమాన్ని మొత్తానికీ వాడేస్తారు. 72 = 36 + 36 కదా అని √72 = 6 + 6 = 12 అంటారు. ఇది కుదరదని చూడగానే తెలుస్తుంది. 8 వర్గం 64, 9 వర్గం 81. 72 ఈ రెంటి మధ్య ఉంది కాబట్టి దాని వర్గమూలం 8కీ 9కీ మధ్యనే ఉండాలి. గది సంగతే తీసుకున్నా, ఒక మూల నుంచి ఎదురు మూలకి గోడల వెంట నడిస్తే 12 మీటర్లు, అడ్డంగా నడిస్తే అంతకన్నా తక్కువ దూరం. 6√2 రాసినవాళ్లకి ఈ పరీక్ష సులువు: √2 దాదాపు 1.414, దాన్ని ఆరుతో గుణిస్తే 8.484.

√72ని 6√2గా రాయడం వల్ల వచ్చే అసలు లాభం కూడికలో కనిపిస్తుంది. √72 + √18 − √50 ఎంత అని అడిగితే మూడూ ఒకదానికొకటి సంబంధం లేనివాటిలా ఉంటాయి. సూక్ష్మీకరిస్తే అవి 6√2, 3√2, 5√2. ఆరూ మూడూ తొమ్మిది, అందులోంచి అయిదు పోతే నాలుగు: జవాబు 4√2.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన బీజగణితంలో కరణుల కూడికకి ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి ఇలాంటిదే: 2, 8 అనే కరణుల మొత్తం, భేదం చెప్పమంటాడు. నేటి రాతలో అవి √2, √8. ఆయన పద్ధతి వేరు. రెండు సంఖ్యల్నీ కూడితే 10. వాటి లబ్ధం 16, దాని వర్గమూలం 4, దానికి రెట్టింపు 8. పదికి ఎనిమిది కలిపితే 18, తీసేస్తే 2. అంటే మొత్తం √18, భేదం √2. మన పద్ధతిలో √8 = 2√2 కాబట్టి మొత్తం 3√2, భేదం √2. 3√2 అన్నా √18 అన్నా ఒకటే. ఇదే చోట 3, 7 అనే కరణుల్నీ ఆయన ఇచ్చాడు. వాటి లబ్ధం 21 వర్గ సంఖ్య కాదు కాబట్టి అవి ఒకే కరణిగా కలవవు, విడివిడిగానే ఉంచాలి.

హారంలో కరణి ఉంటే వచ్చే చిక్కు

ఇక రెండో పని. 1/√2 విలువ కావాలి. కాలిక్యులేటర్లు లేని రోజుల్లో దీన్ని కాగితం మీద చేయాలంటే 1ని 1.4142తో భాగించాలి. ప్రతి మెట్టులోనూ అయిదంకెల భాజకం ఎన్నిసార్లు పోతుందో ఊహించి, గుణించి, తీసివేస్తూ పోవాలి. దాని బదులు లవాన్నీ హారాన్నీ √2తోనే గుణిస్తే భిన్నం √2/2 అవుతుంది. అప్పుడు 1.4142ని రెండుతో భాగిస్తే చాలు. 0.7071 అని నోటితోనే చెప్పొచ్చు. హారాన్ని అకరణీయం చేయడం అంటే ఇదే.

లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో గుణించాం కాబట్టి భిన్నం విలువ మారలేదు. దీన్ని మరిచిపోయి, వర్గమూలం పోవాలి కదా అని పైనా కిందా వర్గం చేసేవాళ్లుంటారు. అప్పుడు 1/√2 కాస్తా 1/2 అయిపోతుంది. 0.7071 ఎక్కడ, 0.5 ఎక్కడ! దశాంశాల్లోకి మార్చి ఒక్కసారి పోల్చి చూసుకుంటే తప్పు వెంటనే దొరుకుతుంది.

పెద్ద సంఖ్యలున్నప్పుడు ముందు సూక్ష్మీకరించి, తర్వాత హారం సంగతి చూడటం మేలు. 6/√72ని తీసుకుంటే, నేరుగా √72తో గుణించినవాళ్లకి 6√72/72 వస్తుంది. దాన్ని మళ్లీ తగ్గించుకుంటూ రావాలి. √72ని ముందే 6√2గా మార్చినవాళ్లకి ఆరు, ఆరు కొట్టుబడి 1/√2 మిగులుతుంది. ఆ తర్వాత ఒక్క గుణకారంతో √2/2. అలాగే త్రికోణమితిలో సైన్ 45 డిగ్రీల విలువ ఒక పుస్తకంలో 1/√2గా, మరో పుస్తకంలో √2/2గా కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు. రెండూ ఒకే సంఖ్య.

హారంలో రెండు పదాలుంటే ఇంత తేలిగ్గా పోదు. 1/(√3 − √2)ని చూడండి. హారాన్ని దానితోనే గుణిస్తే 3 + 2 − 2√6, అంటే 5 − 2√6 వస్తుంది. కరణి పోలేదు, కొత్త రూపంలో వచ్చి కూర్చుంది. ఇక్కడ కావలసింది మధ్య గుర్తు మార్చిన జోడు, √3 + √2. దీన్ని సంయుగ్మం అంటారు. రెండింటినీ గుణిస్తే మధ్య పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది మొదటిదాని వర్గంలోంచి రెండోదాని వర్గం తీసేసిన ఫలితం: 3 − 2 = 1. కాబట్టి భిన్నం విలువ √3 + √2.

ఈ ఉపాయం మన దేశంలో చాలా పాతది. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో కరణుల భాగహారానికి ఈ విధానమే చెప్పాడు: భాజకంలో ఒక కరణి గుర్తుని మార్చి, దానితో భాజ్యాన్నీ భాజకాన్నీ గుణించాలి, భాజకంలో ఒకే పదం మిగిలేదాకా అలా చేస్తూ పోవాలి. భాస్కరాచార్యుడూ ఇదే దారిలో నడిచాడు. హారంలో 1 + √2 + √3 అని మూడు పదాలున్నా ఈ నియమం పనిచేస్తుంది. √3 గుర్తు మార్చి 1 + √2 − √3తో గుణిస్తే హారం (1 + √2)² − 3 అవుతుంది, అంటే 2√2. మరోసారి √2తో గుణిస్తే హారంలో 4 మాత్రమే ఉంటుంది.

తీసివేతలో మాయమయ్యే అంకెలు

కాలిక్యులేటరు చేతిలో ఉన్నప్పుడు ఇదంతా ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. భాగహారం ఇప్పుడు కష్టం కాదు. కానీ అకరణీయం చేయడం వల్ల భాగహారం సులువు కావడమొక్కటే కాదు, జవాబు చెడిపోకుండా కూడా ఉంటుంది. మన √72నే హారంలో పెట్టి చూద్దాం:

1/(17 − 2√72)

√72 = 6√2 కాబట్టి హారం 17 − 12√2. ఇప్పుడు √2 విలువని ఎన్ని దశాంశాల దాకా తీసుకోవాలి? రెండు దశాంశాలు చాలనుకుని 1.41 వేస్తే 12√2 విలువ 16.92. హారం 0.08, జవాబు 12.5. ఇంకో దశాంశం కలిపి 1.414 వేస్తే హారం 0.032, జవాబు 31.25. నాలుగు దశాంశాలతో, 1.4142 వేస్తే హారం 0.0296, జవాబు దాదాపు 33.78. పొరపాటున 1.42 వేస్తే 12√2 విలువ 17.04 అయి, హారం రుణ సంఖ్యగా మారి, జవాబు −25 దగ్గర తేలుతుంది. √2 విలువలో ఒక్క శాతం కూడా లేని తేడా జవాబుని తలకిందులు చేసేసింది.

దోషం భాగహారంలో లేదు, తీసివేతలో ఉంది. 17, 12√2 దాదాపు సమానమైన సంఖ్యలు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసినప్పుడు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ముందు అంకెలన్నీ పోయి, చివరి అంకెలే మిగులుతాయి. మనం కత్తిరించి వాడిన విలువలో తప్పు ఉన్నది ఆ చివరి అంకెల్లోనే. ఆ తప్పుల కుప్పతో 1ని భాగిస్తున్నాం. కంప్యూటరు కూడా పరిమితమైన అంకెలే దాచుకోగలదు కాబట్టి, సంఖ్యలు మరీ దగ్గరగా ఉంటే దానికీ ఇదే గతి పడుతుంది.

ఇప్పుడు సంయుగ్మాన్ని వాడదాం. లవాన్నీ హారాన్నీ 17 + 12√2తో గుణిస్తే హారం 17² − (12√2)². అంటే 289 − 288, సరిగ్గా 1. భిన్నం విలువ 17 + 12√2. ఇందులో ఆ మొరటు విలువ 1.41నే వేసినా 33.92 వస్తుంది. 1.414తో 33.968. అసలు విలువ 33.9706. ఇందాక నాలుగు దశాంశాలు పెట్టినా అందని ఫలితానికి, ఇక్కడ రెండు దశాంశాలతోనే ఇంకా దగ్గరగా వెళ్లగలిగాం.

శుల్బ సూత్రంలోని 408

17, 12 అనే అంకెలు ఊరికే ఎంచుకున్నవి కావు. 17 − 12√2 అంత చిన్నదిగా ఉందంటే 17/12 భిన్నం √2కి చాలా దగ్గరగా ఉందన్నమాట. ఈ భిన్నం క్రీస్తుపూర్వం నాటి బౌధాయన శుల్బ సూత్రంలో దాగి ఉంది. యజ్ఞవేదికల నిర్మాణానికి కావలసిన కొలతలు చెప్పే గ్రంథమది. చతురస్రం భుజం నుంచి కర్ణం పొడవు రాబట్టే విధానం అందులో ఉంది: భుజానికి దాని మూడో వంతు కలపాలి, ఆ మూడో వంతులో నాలుగో వంతునీ కలపాలి, ఈ నాలుగో వంతులో ముప్ఫై నాలుగో భాగాన్ని తీసేయాలి.

భుజం 1 అనుకుని రాస్తే మొదటి మూడు పదాలు 1 + 1/3 + 1/12, అంటే 17/12. ఆ తర్వాత తీసేయమన్నది 3 × 4 × 34లో ఒక వంతు, అంటే 1/408. ఆ ముప్ఫై నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది? ఎలా కనుక్కున్నారో సూత్రంలో చెప్పలేదు. చతురస్రాన్ని ముక్కలుగా కోసి అమర్చి కనుక్కుని ఉంటారని చరిత్రకారులు ఊహించారు. దారి ఏదైనా, ఆ సంఖ్య అక్కడే ఎందుకు ఉండాలో అకరణీయం చేసే పద్ధతి మనకి చూపిస్తుంది.

17/12 అనేది √2 కన్నా కాస్త ఎక్కువ. ఎంత ఎక్కువ? 17/12 − √2, అంటే (17 − 12√2)/12. పైన చూసిన లెక్క ప్రకారం 17 − 12√2 అంటే 1/(17 + 12√2). కాబట్టి ఆ ఎక్కువ భాగం 1/[12 × (17 + 12√2)]. ఇందులో 12√2 దాదాపు 17, దాని స్థానంలో 17నే పెడితే 17 + 17 = 34. తీసేయవలసింది 12 × 34లో ఒక వంతు, అంటే 1/408. బౌధాయనుడు చెప్పిన సవరణ సరిగ్గా ఇదే.

తీసేశాక వచ్చేది 577/408, దశాంశాల్లో 1.4142157. అసలు √2 విలువ 1.4142136. మన 6 మీటర్ల గదికి ఈ రెండు భిన్నాల్నీ వాడి చూడొచ్చు. 17/12తో కర్ణం 8.5 మీటర్లు వస్తుంది. అసలు కొలత 8.48528 మీటర్లు కాబట్టి తేడా దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు. మేస్త్రీ టేపు మీద అది స్పష్టంగా కనిపిస్తుంది. 577/408 వాడితే తేడా మిల్లీమీటరులో నూరో వంతుకి కాస్త అటూ ఇటూ. టేపు మీద గీత మందం కూడా అంతకన్నా ఎక్కువే.

అయినా తేడా పూర్తిగా సున్నా కాదు. 12√2 విలువ 17 కన్నా కొంచెం తక్కువ కాబట్టి 17 + 12√2 అసలు విలువ 34 కాదు, 33.97. అంటే తీసేయవలసింది 1/408 కన్నా వెంట్రుకవాసి ఎక్కువ. అందుకే 577/408 ఇప్పటికీ √2 కన్నా రవ్వంత పెద్దదిగానే ఉంది.

అకరణీయం చేయకూడని చోటు

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. 1/(17 + 12√2) విలువ దశాంశాల్లో కావాలనుకుందాం. పుస్తకం నియమం పాటిస్తే ఇది 17 − 12√2 అవుతుంది. రాతలో అందంగానే ఉంది, కానీ లెక్కకి దిగితే మనం ఇందాక తప్పించుకున్న తీసివేతే మళ్లీ ఎదురవుతుంది. 1.414 వేస్తే 17 − 16.968 = 0.032. అదే విలువని అకరణీయం చేయని భిన్నంలో వేస్తే 1/33.968, అంటే 0.02944. అసలు విలువ 0.029437. ఇక్కడ కరణిని హారంలోనే ఉంచినవాళ్లకి మంచి జవాబొచ్చింది.

కాబట్టి సంయుగ్మంతో గుణించే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. జవాబు √2 లాంటి గుర్తులతోనే కావాలంటే హారాన్ని అకరణీయం చేయాలి. అప్పుడే రెండు జవాబుల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం, కూడటం తేలిక. దశాంశాల్లో విలువ కావాలంటే మాత్రం దగ్గరి సంఖ్యల తీసివేత ఏ రూపంలో ఉందో చూసి, ఆ రూపాన్ని వదిలేయాలి. కరణి లవంలో ఉందా హారంలో ఉందా అన్నది అప్పుడు లెక్కలోకి రాదు.

పదో తరగతిలో వచ్చే వర్గ సమీకరణాల్లోనూ ఈ జాగ్రత్త పనికొస్తుంది. x² − 34x + 1 = 0 అనే సమీకరణానికి సూత్రం వాడితే మూలాలు 17 + √288, 17 − √288 వస్తాయి. 288 = 144 × 2 కాబట్టి అవి 17 + 12√2, 17 − 12√2. పెద్ద మూలాన్ని సూత్రంతోనే కడితే 33.9706 వస్తుంది. చిన్న మూలాన్ని తీసివేతతో కట్టనక్కర్లేదు. రెండు మూలాల లబ్ధం సమీకరణంలోని స్థిరపదం, అంటే 1. అందువల్ల 1ని 33.9706తో భాగిస్తే చిన్న మూలం 0.0294 వచ్చేస్తుంది. మూలాల మొత్తం 34 కావాలి కాబట్టి ఆ రెంటినీ కూడి సరిచూసుకోవచ్చు: 33.9706 + 0.0294 = 34.0000.